గునుగుకు రంగెందుకు, చెరువెందుకు? గడ్డిఅన్నారంలో బతుకమ్మ మీద ఒక మాటముచ్చట

పైన వీడియోలో మీరు చూస్తున్న ట్రేలో మట్టి కాదు, కంపోస్టు ఉంది. అందులో మొలిచినవి తోటకూర మొలకల్లా కనిపిస్తాయి కానీ అవి గునుగు. ఈ ట్రే దాకా ఎలా వచ్చానో చెప్పాలంటే బతుకమ్మ పండుగ దగ్గర మొదలుపెట్టాలి.

మా పొలం యాచారం వైపు. మా బావగారి కుటుంబం గడ్డిఅన్నారంలో ఉంటుంది. మా మామయ్య ఉన్నప్పుడు బత్తాయి లోడుతో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు వచ్చేవాళ్లం. మార్కెట్ బాటసింగారం వెళ్లిపోయింది కానీ మా రాకపోకలు ఆగలేదు. వారానికోసారి కూరగాయలు పట్టుకుని నేను వాళ్ల అపార్ట్‌మెంట్‌కు వస్తాను. మా అత్తమ్మ అక్కడే ఉంటుంది.

2025లో పెత్రమాసకు వారం ముందు ఆదివారం, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అందరూ కూర్చున్నారు. బతుకమ్మ ఎట్లా చేయాలన్నది ముచ్చట. నేను సొరకాయలు తూచి ఇస్తూ ఓ పక్కన ఉన్నా. డీజే వద్దు, చప్పట్లు కొట్టి పాటలే పాడాలన్న మాట మీద పెద్దగా గొడవ కాలేదు. అసలు తగువు గునుగు దగ్గర వచ్చింది.

మా బావగారి అమ్మాయి డిగ్రీ చదువుతోంది. "ఈసారి గునుగుకు రంగులు వద్దు, సరూర్‌నగర్ చెరువులో వేయొద్దు. ఇక్కడే పెద్ద టబ్బు పెట్టి అందులో వదులుదాం" అన్నది. మా అత్తమ్మ ముఖం మారిపోయింది.

"రంగు లేకపోతే బతుకమ్మ బోసిగ ఉంటది బిడ్డా. చెర్ల వెయ్యకపోతే సాగనంపినట్టు ఎట్లయితది? టబ్బుల ముంచుడేంది, బట్టలా?"

ఇంకో పెద్దావిడ అందుకుంది. "మేం యాభై ఏండ్ల సంది చెర్లనే వేస్తున్నం, ఏ చేపలు సచ్చినయి?"

ఇంజినీరింగ్ చదివే అబ్బాయి ఒకరు పూలు కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ ఎలా తగ్గుతుందో చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పింది నిజమే, కానీ చెప్పిన తీరు పెద్దవాళ్లకు పాఠం చెప్పినట్టుంది. వాళ్లు మొహాలు పక్కకు తిప్పుకున్నారు.

మనలో చాలామందికి ఇలాంటి చోట రెండు పక్షాల్లో ఒకటి పట్టుకోవాలని అనిపిస్తుంది. నాకూ అనిపించింది. రసాయనం వద్దనేదాన్ని కదా, నోరు తెరిస్తే పిల్ల వైపే మాట్లాడతాను. కానీ మా అత్తమ్మ దగ్గర నేను కలుపు గుర్తుపట్టడం నేర్చుకున్నాను. ఏ మొక్కను వేరుతో పీకాలి, దేన్ని కొయ్యాలి, దేన్ని కూరకు తెంపాలి, అన్నీ ఆమె చెప్పినవే. అందుకే వాదించకుండా ఒక మాట అడిగాను. "అత్తమ్మా, మీ చిన్నప్పుడు గునుగుకు రంగు ఎక్కడిది?"

"శావుకారి దుకాణంల పొట్లం. గులాబిది, ఆకుపచ్చది. ఉడుకు నీళ్లల్ల కలిపి ముంచుతుంటిమి."

"మీ అమ్మ?"

ఆమె కాసేపు ఆలోచించింది. "మా అమ్మ తెల్ల గునుగే పేర్చేది. పసుపు నీళ్లల్ల ముంచేది కొన్ని. పొట్లం మా అక్క పెండ్లయినంక వచ్చింది మా ఇంటికి."

సెల్లార్‌లో నవ్వులు. మా అత్తమ్మ కూడా నవ్వింది. అయితే వరంగల్ వైపు నుంచి వచ్చిన మరో పెద్దావిడ ఒప్పుకోలేదు. వాళ్ల తల్లి కూడా రంగులే వేసేదట. అటు పిల్లల్లోనూ అందరూ ఒక మాట మీద లేరు. ఓ అమ్మాయి "రంగు లేకుంటే ఫోటోల్లో ఏం కనబడదు" అన్నది. ముసలివాళ్లు ఒక పక్క, పిల్లలు ఒక పక్క అనుకున్న తగువు అలా కాస్త చెదిరింది. సద్దుల బతుకమ్మే అన్ని ఊళ్లలో ఒకే రోజు చేయరు. తొమ్మిదో రోజు చేసేవాళ్లు ఎక్కువ, వేములవాడలో ఏడో రోజే చేస్తారు. ఆ మాట గుర్తుచేస్తే వరంగల్ ఆవిడ "అవును, ఎవల ఊరి తీరు వాళ్లది" అన్నది.

నేను ఒక పని ఒప్పుకున్నాను. రంగు ఉండాలన్న పెద్దల మాట, పొట్లం వద్దన్న పిల్లల మాట, రెండూ నిలిచేలా వంటింటి సామాన్లతో గునుగుకు రంగు వేసి చూపిస్తానన్నాను. పొట్లం రంగు మీద నా అభ్యంతరం ఒక్కటే. అందులో ఏముందో దాని మీద రాసి ఉండదు. తినే రంగు కానిదాన్ని చేపలున్న నీళ్లలో కలిపి ఏమీ కాదని నేను చెప్పలేను.

రెండు రోజుల తర్వాత మా చెలక నుంచి నాలుగు కట్టల గునుగు తెచ్చి, అక్క వాళ్ల వంటింట్లో మొదలుపెట్టాం. మొదటి దెబ్బ అక్కడే తగిలింది. గునుగు కంకి చూడ్డానికి మెత్తగా ఉన్నా, దాని రేకులు కాగితంలా పొడిగా, జారుడుగా ఉంటాయి. చల్లటి పసుపు నీళ్లలో ముంచితే నీళ్లు బొట్లు బొట్లుగా జారిపోయాయి, రంగు పట్టలేదు. నీళ్లు బాగా వేడి చేసి, అందులో కాస్త కుంకుడు రసం పోశాం. అప్పుడు కంకి తడిసింది. లీటరు నీళ్లకు రెండు చెంచాల మన ఇంటి పసుపు సరిపోయింది. కంకిని తలకిందులుగా రెండు మూడు నిమిషాలు ముంచి, దులిపి, నీడలో తలకిందులుగానే వేలాడదీయాలి. ఎండలో పెడితే పసుపు రంగు వెలిసిపోతుంది.

ఎరుపు కోసం పారాణి పద్ధతే. అదే పసుపు నీళ్లలో తేరిన సున్నపు నీళ్లు పోస్తే క్షణంలో ఎర్రబడింది. మా అత్తమ్మ చేతులతో కలిపింది, పిల్ల వీడియో తీసింది. అందరం సంతోషపడ్డాం. మర్నాడు పొద్దున చూస్తే ఎరుపు పోయి, మట్టి రంగు, మధ్యమధ్య పసుపు. పసుపు సున్నం తగిలినంతసేపే ఎర్రగా ఉంటుంది. గాలికి సున్నం ఘాటు తగ్గేకొద్దీ మళ్లీ పసుపు వైపు వెళ్తుంది. ఒక నిమ్మ చుక్క వేసి చూడండి, వెంటనే పసుపవుతుంది. అందుకని ఎరుపు కావాలంటే పేర్చే రోజు మధ్యాహ్నమే ముంచుకోవాలి, ముందురోజు కాదు.

గులాబి రంగు బీట్‌రూట్‌తో వచ్చింది. పావు కిలో తురిమి లీటరు నీళ్లలో వేశాం. ఇక్కడ పసుపుకు ఉన్న నియమం పనికిరాదు. బీట్‌రూట్‌ను ఎక్కువ మరిగిస్తే రంగు చచ్చిపోతుంది, చేయి పెట్టగలిగినంత వేడి చాలు. నిమ్మరసం పిండితే గులాబి నిలబడుతుంది, సున్నం తగిలితే పాడవుతుంది. ఆ సంగతి తెలియక మొదటి రోజు ఎర్ర కట్టను, గులాబి కట్టను తడిమీద ఒకే దండెం మీద పక్కపక్కన వేలాడదీశాం. సున్నపు నీళ్లు కారి, అవి తగిలిన చోటల్లా గులాబి కాస్తా పచ్చగా మాసిపోయింది. వీడియోలో ఆ కట్ట కూడా చూపించాను, దాచలేదు. అన్నట్టు గునుగు కొనలో పుట్టుకతో ఉండే గులాబి వన్నె, బీట్‌రూట్ రంగు ఒకే జాతివి. గునుగు, తోటకూర, బీట్‌రూట్ ఒకే కుటుంబపు మొక్కలు.

ఆకుపచ్చ మాత్రం మాకు రాలేదు. గోరింటాకు, పాలకూర రసం రెండూ ప్రయత్నించాం, మురికి పట్టినట్టు అయింది. వరంగల్ ఆవిడకు ఆకుపచ్చ వరుస లేకపోవడం ఇప్పటికీ లోటే. ఆమె మాట తీసిపారేయను. మధ్యలో తంగేడు ఆకుల వరుస పెట్టి సర్దుకున్నాం, నీలానికి కట్ల పూలు ఉండనే ఉన్నాయి.

ఇక చెరువు సంగతి. పెద్దావిడ అడిగిన ప్రశ్న చిన్నది కాదు: ఇన్నేళ్లు వేస్తే చేపలు ఎందుకు చావలేదు? దీనికి జవాబు మనకు జీవామృతం డ్రమ్ములోనే ఉంది. పొద్దున సాయంత్రం కర్రతో తిప్పిన డ్రమ్ము తియ్యటి పులుపు వాసన వేస్తుంది. రెండు రోజులు తిప్పడం మరిచిపోతే ముక్కు మూసుకోవాలి. కుళ్లేది ఏదైనా నీళ్లలోని గాలిని తినేస్తుంది. ఊరి చెరువు వానలకు నిండి, అలుగు పారి, తూము కింద పొలాలకు నీళ్లు పోతూ ఉన్నప్పుడు ఊరి బతుకమ్మలు అందులో పడ్డాయి. అన్ని నీళ్లకు అన్ని పూలు లెక్కలోకి రావు. చుట్టూ కాలనీలు కమ్ముకుని, మురుగు చేరే చెరువులో ముందే గాలి తక్కువ. అక్కడ అదే పూలు ఎక్కువవుతాయి. కాబట్టి మా పెద్దావిడ చూసింది నిజం, ఆ అబ్బాయి చెప్పింది నిజం. ఇద్దరూ చెప్పేది వేరే వేరే చెరువుల గురించి. ఈ మాట అన్నప్పుడు ఆమె "మా ఊరి చెరువు కూడ ఇప్పుడట్ల లేదు" అన్నది మెల్లగా.

అప్పుడు నేను కొంచెం గొప్పగా చెప్పుకున్నాను. "పూలన్నీ నాకివ్వండి, పొలానికి పట్టుకెళ్లి కంపోస్టు చేస్తా" అని.

మా అత్తమ్మ నా వైపు చూసింది. "గునుగును తీస్కపోయి మళ్ల చెలకల్నే పోస్తవా? పోయినేడు పోస్తివి గద. ఏమాయె?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆమెకు మొత్తం తెలుసు.

2024 సద్దుల మర్నాడు ఇదే అపార్ట్‌మెంట్ నుంచి ఆరు బస్తాల పూలు తీసుకెళ్లాను. దారాలు, అగరుబత్తి పుల్లలు, థర్మాకోల్ ముక్కలు ఏరి, చెట్టు కింద గుంతలో వేసి, పేడ నీళ్లు చల్లాను. ఒక్కసారి తిరగేశాను. వేసవికి నల్లగా, పొడిపొడిగా, అడవి మట్టి వాసనతో తయారైంది. ఐదు గుంటల కూరగాయల మడిలో చల్లాను. మృగశిర వానలు పడ్డాక ఆ ఐదు గుంటల్లో గునుగు నారుమడిలా లేచింది. పక్క మడుల్లో అక్కడక్కడ మాత్రమే ఉంది. వంకాయ నారు కనబడనంతగా కమ్మింది, మూడుసార్లు కలుపు తీశాను.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత తెలిసింది. గునుగు కంకి కింది నుంచి పైకి పూస్తుంది. పైన కొన ఇంకా గులాబిగా, లేతగా ఉండగానే అడుగు భాగంలో గింజ తయారైపోతుంది. మనం పైకొన చూసి లేతదే అనుకుంటాం. అనుమానం ఉంటే కంకి అడుగు భాగాన్ని అరచేతిలో నలపండి. నల్లగా, మెరిసే, ఆవగింజ కంటే చిన్న గింజలు రాలితే ఆ కంకి విత్తనం కట్టినట్టే. ఒక్క కంకిలోనే ఎన్ని గింజలు ఉంటాయో ఓసారి తెల్ల కాగితం మీద దులిపి చూస్తే తెలుస్తుంది. పైగా నీడలో, గుంతలో వేసిన కుప్ప వేడెక్కదు. పూలు కుళ్లాయి, గింజలు మాత్రం బతికే ఉన్నాయి.

మా అత్తమ్మ అన్నది ఇదీ: "గునుగు నీళ్లల్ల పడితే మళ్ల చేనుకు రాదు. అందుకే చెర్ల వేసుడు." పూర్వం పెద్దలు అందుకే ఈ ఆచారం పెట్టారని నేను చెప్పను, ఆమె కూడా అలా అనలేదు. బతుకమ్మకు కోస్తే చేనులో కలుపు పోతుందన్న మాట కూడా అక్కడక్కడ వింటుంటాం, అది నా అనుభవంలో సగమే నిజం. కంకి కోసిన మొక్క పక్క కొమ్మలు వేసి మళ్లీ పూస్తుంది. కానీ విత్తనంతో నిండిన గునుగును పొలానికి తిరిగి తేకపోవడంలో ఉన్న లాభం మాత్రం నా ఐదు గుంటలు చూపించాయి. పాత పద్ధతిని మార్చేటప్పుడు దాని వెనక ఏ పని దాగి ఉందో నేను అడగలేదు. అడిగి ఉంటే మూడు కలుపులు తప్పేవి.

మరి ఏం చేశామంటే, సెల్లార్ ముచ్చట్లో మూడు గంటలు గడిచాక తేలింది ఇది. గౌరమ్మను తీసేదాకా అది బతుకమ్మ. పసుపు గౌరమ్మను తీసుకుని, ఆ పసుపు ఆడవాళ్లు పెట్టుకున్నాక మిగిలినవి పూలే. దీన్ని మా అత్తమ్మే చెప్పింది. కాబట్టి పెద్దవాళ్లు పేర్చిన మూడు చిన్న బతుకమ్మలు, పసుపు గునుగు, తెల్ల గునుగు, తంగేడు, బంతి మాత్రమే ఉన్నవి, చెరువుకు వెళ్తాయి. మిగతా అన్నీ కింద పెట్టిన నీళ్ల తొట్టిలో వదిలి, మర్నాడు నేను తీసుకెళ్తాను. పిల్ల మూడుకు కూడా ఒప్పుకోలేదు మొదట. తర్వాత తనే మా అత్తమ్మ చేయి పట్టుకుని చెరువు గట్టు దాకా నడిపించుకు వెళ్లింది.

ఆ వారంలోనే, సెప్టెంబర్ 29న, దగ్గర్లోని సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగుల పైన ఎత్తున్న బతుకమ్మ పేర్చి గిన్నిస్ రికార్డు తెచ్చారు. పిల్లలు వెళ్లి చూసి వచ్చారు. మా అత్తమ్మకు ఫోన్లో చూపిస్తే "మంచిగున్నది. మరి దాన్ని నెత్తిమీద ఎవరు ఎత్తుకుంటరు?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

ఈసారి కంపోస్టు వేరేగా చేశాను. తొట్టిలోంచి తీసినప్పుడే గునుగును మిగతా పూల నుంచి వేరు చేశాను. ఇది విసుగు పని, ఇద్దరికి ఒక పూట పట్టింది. బంతి, చామంతి, తంగేడు మామూలు గుంతలోకి వెళ్లాయి. గునుగును మాత్రం నేల మీద కుప్పగా పేర్చాను. పొడుగు, వెడల్పు, ఎత్తు మూడూ మీటరుకు తగ్గకుండా, ఒక పొర గునుగు, ఒక పొర పచ్చి పేడ, ఒక పొర వరిగడ్డి. పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి. మూడో రోజుకు లోపల గుచ్చిన ఇనుప చువ్వను బయటికి తీస్తే చేత్తో పట్టుకోలేకపోయాను. థర్మామీటర్ ఉన్నవాళ్లు 55 నుంచి 60 డిగ్రీలు వచ్చిందా చూసుకోవచ్చు. ఆ వేడి కొన్ని రోజులు నిలవాలి. అసలు కిటుకు తిరగేయడంలో ఉంది. కుప్ప నడుమ ఎంత మండినా అంచులు చల్లగానే ఉంటాయి, అక్కడి గింజ బతుకుతుంది. అందుకే అంచుల్ని లోపలికి, లోపలిదాన్ని బయటికి వేస్తూ నాలుగుసార్లు తిరగేశాను. తిరగేసిన ప్రతిసారి మళ్లీ చువ్వ వేడెక్కిందా లేదా చూశాను. నాలుగోసారి సరిగా వేడెక్కలేదు, పేడ తక్కువైందనుకుంటా.

సంక్రాంతికి రెండు ట్రేలు పెట్టాను. ఒకదాంట్లో కుప్ప నడుమ నుంచి, రెండోదాంట్లో అంచు నుంచి తీసిన కంపోస్టు. పలచగా పరిచి, తడి ఆరకుండా పది పన్నెండు రోజులు వెచ్చని చోట ఉంచాలి. నడుమ ట్రేలో ఒక్క మొలక రాలేదు. అంచు ట్రేలో పదకొండు వచ్చాయి. వీడియోలో మీరు చూస్తున్నవి అవే. ఇక్కడ ఇంకో జాగ్రత్త: ఆ ఏడు గింజ ఆ ఏడే మొలవకుండా నిద్రలో ఉండొచ్చు, చలికాలంలో మొలక తక్కువ కూడా. అందుకని ఖాళీగా ఉన్న ట్రేను నమ్మి కూరగాయల మడిలో వేయడం లేదు. వేసవి చివర మళ్లీ ఒక ట్రే పెడతాను. అప్పటిదాకా ఈ కంపోస్టు మామిడి చెట్ల పాదులకే. అక్కడ గునుగు మొలిచినా ఒక చేత్తో పీకేయొచ్చు.

ట్రే ఫోటో పంపితే అత్తమ్మ ఫోన్ చేసింది. పదకొండు మొలకలు చూసి గెలిచినట్టు మాట్లాడుతుందనుకున్నా. "పీకకు, జర పెద్దగయినంక కూరొండుకో" అన్నది. గునుగాకు లేతగా ఉన్నప్పుడు పప్పులో వేస్తే బాగుంటుంది, ఆ సంగతి మీలో చాలామందికి తెలుసు. వెనక నుంచి పిల్ల గొంతు వినిపించింది. "చిన్నమ్మా, ఈసారి గునుగు గింజ కట్టక ముందే కోస్తే సరిపోతుంది కదా?"

"తొమ్మిది దినాలకు కావాలె బిడ్డా, ముందే కోస్తే వాడిపోతది" అని అత్తమ్మ.

"గునుగు వాడదు నానమ్మా, ఎండినా అట్లనే ఉంటది. నువ్వే చెప్పినవు."

అటు కాసేపు చప్పుడు లేదు. ఇద్దరూ ఒప్పుకున్నారో లేదో నాకు తెలియదు. నేను మాత్రం వచ్చే వానాకాలం గెట్టు పక్కన రెండు సాళ్లలో గునుగును కలుపు తీయకుండా వదులుతున్నాను. ఒక సాలు వినాయక చవితి దాటగానే, అడుగు నలిపి చూసి గింజ లేనప్పుడే కోసి నీడలో ఆరబెడతాను. రెండో సాలు అత్తమ్మ చెప్పినట్టు పండుగ రోజుల్లోనే కోస్తాను. రెండింటికీ పసుపు ఎలా పడుతుందో, ఏది పేర్చడానికి బాగుంటుందో వాళ్లిద్దరి ముందే పెట్టి వీడియో తీస్తాను.